సీసాను కొడితే ఒక జవాబు, ఊదితే ఇంకో జవాబు

ప్రశ్న: ఎనిమిదో తరగతికి ధ్వని పాఠం చెబుతున్నాను. రబ్బరు బ్యాండును ఎక్కువ సాగదీస్తే పిచ్ పెరుగుతుందని చెప్పి చేసి చూపిస్తే తేడా ఏమీ రాలేదు. సీసాలో నీళ్లు పెరిగితే పిచ్ తగ్గుతుందని చెప్పాను, ఒక అబ్బాయి అదే సీసాను ఊది పెరుగుతుందని చూపించాడు. పైగా ఏది గట్టిగా మోగితే దాన్నే హై పిచ్ అంటున్నారు. నేనెక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు:

ఆ అబ్బాయి చెప్పిందీ నిజమే, మీరు చెప్పిందీ నిజమే. మీరిద్దరూ ఒకే సీసాలో రెండు వేర్వేరు వస్తువులను మోగించారు. మీరు గాజును మోగించారు, అతను గాలిని మోగించాడు. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే కాబట్టి దాని దగ్గరికి తీరిగ్గా వస్తాను. ముందు మీ మూడో ఇబ్బంది తీరాలి. పిల్లల చెవికి పిచ్ వేరు, శబ్ద తీవ్రత వేరు అని తెలియకుండా సీసాలు తీస్తే మిగతాదంతా గందరగోళమే.

ఇందులో పిల్లల తప్పు పెద్దగా లేదు, మన మాటల్లోనే చిక్కుంది. 'గొంతు పెంచకు' అంటే గట్టిగా అరవకు అని. 'శ్రుతి పెంచు' అంటే పిచ్ పెంచమని. రెండు చోట్లా 'పెంచడమే'. అందుకే మొదటి పది నిమిషాలు ఎక్కువ, తక్కువ, పెద్ద, చిన్న అనే మాటలు ఎవరూ వాడకూడదని నేను ముందే షరతు పెడతాను, నాతో సహా. పిచ్ గురించి చెప్పాలంటే 'సన్నగా ఉంది, లావుగా ఉంది' అనాలి. తీవ్రత గురించి చెప్పాలంటే 'గట్టిగా ఉంది, మెల్లగా ఉంది' అనాలి. సన్నటి గొంతు, లావు గొంతు అనే మాటలు ఇంట్లో వినేవే కాబట్టి పిల్లలు వెంటనే పట్టుకుంటారు. పౌనఃపున్యం, కంపన పరిమితి అనే పేర్లు పాఠం చివర్లో బోర్డు మీదికి వస్తే చాలు. అప్పటికి ఆ పేర్లు దేనికో వాళ్లకు తెలిసి ఉంటుంది.

రెండో ఆయుధం వాళ్ల గొంతే. ఏ శబ్దం విన్నా, నోరు మూసుకుని 'ఊఁ' అంటూ దానితో గొంతు కలపమనండి. రెండో శబ్దం విన్నాక మళ్లీ కలపమనండి. గొంతు మార్చాల్సి వస్తే పిచ్ మారింది. గొంతు అలాగే ఉండి ఊపిరి బలం మాత్రమే మారితే తీవ్రత మారింది. ఇది చెవితో ఊహించడం కంటే చాలా నమ్మకమైన పరీక్ష. తరగతిలో ఇద్దరు ముగ్గురికి గొంతు కలవదు, వాళ్లను పక్కవాళ్లతో జత చేయండి. కొందరు అదే స్వరాన్ని పై స్థాయిలోనో కింది స్థాయిలోనో పాడతారు, అది ఒప్పే.

ఇక రబ్బరు బ్యాండు. మూత తీసిన గట్టి అట్టపెట్టె ఒకటి, సన్నటి బ్యాండు ఒకటి, గుండ్రటి పెన్నులు రెండు చాలు. బ్యాండును పెట్టె చుట్టూ తొడిగి, తెరిచిన వైపు రెండు అంచుల దగ్గర ఒక్కో పెన్ను బ్యాండు కిందికి దూర్చండి. రెండు పెన్నుల మధ్య ఉన్న ముక్కే మన తీగ.

మొదట తీవ్రత చూపించండి. తీగను మధ్యలో అర సెంటీమీటరు లాగి వదలండి, తర్వాత ఒక సెంటీమీటరు లాగి వదలండి. శబ్దం గట్టిపడుతుంది, గొంతు మాత్రం మారదు. అప్పుడు పిల్లలను దగ్గరికి పిలిచి తీగను పక్కనుంచి చూడమనండి. కదులుతున్న తీగ మసగ్గా ఒక పట్టీలా కనిపిస్తుంది. గట్టిగా మోగినప్పుడు ఆ పట్టీ వెడల్పుగా ఉంటుంది, శబ్దం తగ్గుతున్న కొద్దీ సన్నబడుతుంది. కంపన పరిమితి అంటే కంటికి కనిపించేది అదే. వెనక నల్ల కాగితం పెడితే ఇంకా బాగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఉత్సాహం కొద్దీ ఎవరో ఒకరు బ్యాండును మూడు, నాలుగు సెంటీమీటర్లు లాగి వదులుతారు. అంత లాగితే ఊగేటప్పుడు తీగ బిగువే పెరుగుతుంది. శబ్దం సన్నగా మొదలై, ఊపు తగ్గుతున్న కొద్దీ లావుగా జారిపోతుంది. అది విని 'గట్టిగా మోగితే సన్నగా వస్తుంది సార్' అంటారు. వాళ్లు విన్నది నిజమే. అందుకే తక్కువ లాగే దగ్గరే ఆగాలి. జారే ఆ శబ్దాన్ని కొట్టిపారేయకండి, పక్కన రాసి ఉంచండి, బిగువు గురించి చెప్పేటప్పుడు అదే సాక్ష్యంగా పనికొస్తుంది.

తీవ్రత గురించి ఇంకొకటి. అదే బ్యాండును పెట్టె లేకుండా రెండు చేతుల వేళ్ల మధ్య పట్టుకుని మీటితే దాదాపు వినపడదు. పెట్టె మీద అయితే వెనక బెంచీ దాకా వినపడుతుంది. సన్నటి బ్యాండు ఎంత ఊగినా గాలిని పెద్దగా కదిలించలేదు. అట్ట గోడలు దానితో పాటు వణికి ఎక్కువ గాలిని నెడతాయి. కాబట్టి తీవ్రత అంటే ఎంత బలంగా మీటామనే కాదు, ఎంత గాలి కదిలిందని కూడా.

ఇప్పుడు మీరు దెబ్బతిన్న చోటికి వస్తాను. పాఠం చెప్పడం మొదలుపెట్టిన రోజుల్లో నేనూ బ్యాండును రెండు చేతులతో సాగదీస్తూ మీటి, 'చూశారా, సన్నబడింది' అనేవాణ్ని. పిల్లలందరూ 'అవును సార్' అనేవారు. గొంతు కలిపే పరీక్ష పెట్టిన మొదటి రోజే నా బండారం బయటపడింది. గొంతు దాదాపు కదల్లేదు.

కారణం ఏమిటంటే, చేతులు దూరం చేసినప్పుడు ఒక్కటి కాదు, మూడు మారుతున్నాయి. బిగువు పెరుగుతుంది, దానివల్ల పిచ్ పెరగాలి. ఊగే పొడవు పెరుగుతుంది, దానివల్ల పిచ్ తగ్గాలి. బ్యాండు సన్నబడి ఒక్కో సెంటీమీటరు బరువు తగ్గుతుంది, దానివల్ల పిచ్ కొంచెం పెరగాలి. తీగల సూత్రంలో ఈ మూడింటినీ కలిపితే f = ½√(T/(mL)) వస్తుంది. T బిగువు, L సాగిన పొడవు, m ఊగే ముక్క మొత్తం ద్రవ్యరాశి. సాగినా ఆ ముక్క ద్రవ్యరాశి మారదు కాబట్టి, తేలాల్సింది బిగువుకు, పొడవుకు మధ్యే.

సంఖ్యలు పెట్టి చూడండి. మామూలుగా 10 సెంటీమీటర్లున్న రబ్బరు ముక్కను ముందు 20కి, తర్వాత 30కి సాగదీశాం. సాగిన భాగం 10 నుంచి 20 అయింది, కాబట్టి బిగువు సుమారుగా రెట్టింపు అనుకుందాం. పొడవు ఒకటిన్నర రెట్లయింది. రెండును ఒకటిన్నరతో భాగిస్తే 1.33, దాని వర్గమూలం 1.15. అంటే చేతులు నొప్పి పుట్టేలా లాగితే 'స' కాస్తా దాదాపు 'రి' అయింది, అంతే. అసలు రబ్బరు ఆ మాత్రం లెక్క కూడా పాటించదు. మధ్య దశలో మెత్తబడి సులువుగా సాగుతుంది కాబట్టి ఆ కొంచెం తేడా కూడా పోతుంది. ఇక సాగలేని హద్దుకు వచ్చాక ఒక్కసారిగా బిగుసుకుని పిచ్ చటుక్కున ఎగురుతుంది. మీ తరగతిలో బహుశా మధ్య దశలోనే ఆగి ఉంటారు.

సరైన పద్ధతి ఒక్కసారికి ఒక్కటే మార్చడం. పొడవు మార్చాలంటే, బ్యాండును పెట్టె మీద అలాగే ఉంచి, మూడో పెన్ను కిందికి దూర్చి మెల్లగా జరపండి. సరిగ్గా మధ్యకు వస్తే సగం తీగ పై 'స' పలుకుతుంది. పెన్ను లావుగా ఉంటే బ్యాండును పైకెత్తి బిగువు పెంచేస్తుంది, అప్పుడు స్వరం కొంచెం సన్నగా పోతుంది. కాబట్టి ఆ పెన్ను మిగతా రెండింటి ఎత్తులోనే ఉండాలి.

బిగువు ఒక్కటే మార్చాలంటే, రెండు పెన్నుల దూరం మార్చకుండా, పెట్టె పక్కగా దిగే బ్యాండును కిందికి లాగి బిగించాలి. ఇక్కడే చాలామంది విసిగిపోతారు. పక్కన ఎంత లాగినా మధ్య ముక్క స్వరం మారదు. రబ్బరు పెన్నును గట్టిగా పట్టుకుని జారకపోవడమే దానికి కారణం, బిగువంతా పక్కనే ఉండిపోతుంది. లాగిన తర్వాత బ్యాండును పెన్ను మీద నుంచి ఒకసారి పైకెత్తి మళ్లీ దించితే బిగువు రెండు వైపులా సర్దుకుంటుంది. అప్పుడు మీటండి. ఈసారి పొడవు మారలేదు, పిచ్ స్పష్టంగా పెరుగుతుంది. బ్యాండు తెగి కంటికి తగిలే అవకాశం ఉంది కాబట్టి ముఖం దగ్గర పెట్టుకుని ఎవరూ లాగకూడదు. పాత బ్యాండ్ల మీద సన్నటి పగుళ్లుంటాయి, వాటిని ముందే తీసి పారేయండి.

లావు బ్యాండు, సన్న బ్యాండు పోలిక కూడా పుస్తకాల్లో కనిపిస్తుంది. నేనైతే దాన్ని వదిలేస్తాను. ఒకే రకం రబ్బరు, ఒకే పొడవు ఉన్న రెండు బ్యాండ్లను ఒకే పెట్టెకు తొడిగితే, లావుదాని బరువు ఎంత ఎక్కువో బిగువూ అంతే ఎక్కువ. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని పిచ్ దాదాపు ఒకటే వస్తుంది. లావుది లావుగా పలకాలంటే రెండింటి బిగువూ సమానం చేయాలి. ఒక పీరియడ్‌లో అంత తీరిక ఉండదు.

ఇప్పుడు సీసాలు. ఒకే రకం గాజు సీసాలు నాలుగు కావాలి. ప్లాస్టిక్ సీసాలు ఊదడానికి బాగానే ఉంటాయి కానీ కొడితే 'డప్' అంటాయి తప్ప స్వరం రాదు. కొట్టడానికి చెక్క పెన్సిల్ వాడండి. లోహపు చెంచాతో నేనొకసారి సీసా పగలగొట్టుకున్నాను. అంతకంటే ముఖ్యంగా, ఒకదాన్ని చెంచాతో, ఇంకోదాన్ని పెన్సిల్‌తో కొడితే శబ్దం తీరే మారిపోయి, పిల్లలు దాన్ని పిచ్ మార్పు అనుకుంటారు. సీసా కింద మడత పెట్టిన గుడ్డ వేసి, అన్నిటినీ ఒకే ఎత్తులో, మధ్య భాగంలో కొట్టాలి.

కొట్టే ముందే ప్రతి ఒక్కరూ జవాబు రాసుకోవాలి. నీళ్లు పెరిగితే కొట్టినప్పుడు ఎలా వస్తుంది, ఊదినప్పుడు ఎలా వస్తుంది, రెండూ విడివిడిగా. దాదాపు అందరూ రెండింటికీ ఒకే జవాబు రాస్తారు. ఆ కాగితం చేతిలో ఉంటేనే తర్వాత వచ్చే ఆశ్చర్యానికి విలువ.

కొట్టినప్పుడు ఊగేది గాజు గోడ. లోపల నీళ్లుంటే గోడ ఒక్కటే కదల్లేదు, తనకు ఆనుకున్న నీళ్లను కూడా నెట్టుకుంటూ ఊగాలి. బరువు పెరిగింది కాబట్టి ఊపు నెమ్మదిస్తుంది, స్వరం లావవుతుంది. అడుగున నాలుగు చెంచాల నీళ్లు పోసి తేడా రాలేదని కంగారు పడకండి. అడుగు మందంగా ఉండి పెద్దగా ఊగదు, అక్కడ నీళ్లున్నా లేకపోయినా ఒకటే. సగం దాటిన తర్వాత తేడా బాగా తెలుస్తుంది.

ఊదినప్పుడు ఊగేది గాలి. సీసా మెడలో ఉన్న గాలిని ఒక చిన్న బిరడా అనుకోండి. కింద పొట్టలో ఉన్న గాలి స్ప్రింగు. మన ఊపిరి ఆ బిరడాను కిందికి నెడితే స్ప్రింగు పైకి తోస్తుంది, అలా అది పైకీ కిందికీ ఊగుతుంది. నీళ్లు పోస్తే పొట్టలో గాలి తగ్గుతుంది. సైకిల్ పంపు మూతి వేలితో మూసి నొక్కితే, లోపల చోటు తగ్గే కొద్దీ ఎంత గట్టిగా ఎదురు తోస్తుందో పిల్లలకు తెలుసు. గాలి తగ్గితే స్ప్రింగు బిగువెక్కుతుంది, ఊపు వేగం పెరుగుతుంది, స్వరం సన్నబడుతుంది. 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ఇలాగే పనిచేసే, లోపల గాలి మాత్రమే ఉన్న బోలు గోళాలను శబ్దాలను విడదీసి వినడానికి వాడాడు, అందుకే వీటిని హెల్మ్‌హోల్ట్జ్ అనునాదకాలు అంటారు.

ఇదంతా మాటలతో ఒప్పించాల్సిన పని లేదు. ఊదుతున్నప్పుడు ఇంకొకరు సీసా పొట్టను రెండు చేతులతో గట్టిగా పట్టుకోమనండి. స్వరం మారదు. అలాగే పట్టుకుని పెన్సిల్‌తో కొట్టమనండి. మోత వెంటనే చచ్చిపోతుంది. ఏది ఊగుతోందో చేతులే చెబుతాయి. ఇంకొకటి, సగం నీళ్లున్న సీసాను కొంచెం వంచి ఊదండి. లోపల గాలి ఆకారం మారింది, అయినా నీళ్లు మెడలోకి రానంత వరకు స్వరం అలాగే ఉంటుంది. స్ప్రింగుకు ఆకారంతో కాదు, ఘనపరిమాణంతో పని.

స్వరాలు కట్టాలనుకుంటే లెక్క కూడా చక్కగా పనిచేస్తుంది. సూత్రం f = (v/2π)√(A/(VL)). v గాలిలో ధ్వని వేగం, A మెడ అడ్డుకోత వైశాల్యం, L మెడ పొడవు, V పొట్టలో గాలి. మెడ మారదు కాబట్టి పిల్లలకు సూత్రం అక్కర్లేదు, పిచ్ రెట్టింపు కావాలంటే గాలి నాలుగో వంతుకు తగ్గాలి అని చెబితే చాలు. సగం నీళ్లు పోస్తే పై 'స' వస్తుందని నేనూ మొదట అనుకున్నాను. సగానికి వచ్చేది 1.41 రెట్లే, 'ప' కూడా అందదు.

మెడ మొదలయ్యే దాకా 600 మిల్లీలీటర్లు పట్టే సీసాలు తీసుకున్నాం అనుకోండి. ఖాళీ సీసా 'స'. 'గ' పిచ్ దానికి 1.25 రెట్లు. 1.25ను దానితోనే గుణిస్తే 1.56, 600ను 1.56తో భాగిస్తే గాలి 384 ఉండాలి, అంటే నీళ్లు 216. 'ప' ఒకటిన్నర రెట్లు, గాలి 267, నీళ్లు 333. పై 'స' రెండు రెట్లు, గాలి 150, నీళ్లు 450. కొలపాత్రతో ఇలా పోసి ఊదితే నాలుగు స్వరాలూ గుర్తుపట్టేలా వస్తాయి. కొంచెం తేడా ఉంటే ఫోన్‌లో ట్యూనర్ యాప్ చూస్తూ సూది లేని సిరంజితో నాలుగైదు మిల్లీలీటర్లు పోస్తూ తీస్తూ సరిచేయండి. ఈ లెక్క పొట్ట, మెడ ఉన్న సీసాలకే. పరీక్షనాళికలాంటి తిన్నటి గొట్టానికి గాలి సగమైతేనే పిచ్ రెట్టింపు అవుతుంది. మూతి బాగా వెడల్పున్న జాడీలు సరిగ్గా పలకవు.

సరే, అవే నాలుగు సీసాలను వరసగా పెట్టి, ముందు ఊదించి తర్వాత కొట్టించండి. ఊదితే పైకెక్కిన స్వరాలు కొడితే కిందికి దిగుతాయి. కొట్టినప్పుడు స, గ, ప లాంటి చక్కటి అంతరాలు రావు, గాజుకు ఆ లెక్క వర్తించదు కదా. దిగుతున్నాయా లేదా అన్నది మాత్రమే చూడండి.

ఊదడం రానివాళ్లకు ఒక చిట్కా. కింది పెదవి సీసా అంచుకు ఆనించి, గాలి లోపలికి కాకుండా అవతలి అంచుకు తగిలేలా సన్నగా ఊదాలి. తీవ్రత చూపించడానికి మాత్రం ఊదడం వాడకండి. మరీ బలంగా ఊదితే స్వరం ఒక్కసారిగా కీచుమని పైకి దూకుతుంది, అంతసేపు మీరు విడదీసిన పిచ్, తీవ్రత మళ్లీ కలిసిపోతాయి. సీసాతో తీవ్రత చూపాలంటే పెన్సిల్‌తో మెల్లగా ఒకటి, కొంచెం బలంగా ఒకటి కొట్టి గొంతు కలపమంటే సరిపోతుంది. ఒకరు ఊదిన సీసా ఇంకొకరు ఊదకుండా, సీసాకు ఒకరిని ముందే పెట్టుకోండి.

మీకు ఇంకో మెలిక కూడా ఎదురవుతుంది. ఎవడో ఒకడు సీసా మూతి మీద అరచేత్తో టప్పున కొట్టి, 'సార్, నేను కొట్టినా సన్నగానే వస్తోంది' అంటాడు. వాడు కొట్టింది గాజును కాదు, అరచెయ్యి మెడలోని గాలిని నెట్టింది. ఆ జవాబు మీరు చెప్పకండి, సీసాను గట్టిగా పట్టుకుని మళ్లీ కొట్టి చూడమని వాడికే వదిలేయండి.

పీరియడ్ చివర్లో నేనడిగే ప్రశ్న ఒకటే. కుళాయి కింద సీసా నింపుతుంటే, చూడకుండానే నిండబోతోందని ఎలా తెలుస్తుంది? శబ్దం సన్నబడుతుందని వెంటనే చెబుతారు. అక్కడ మోగేది గాజా, గాలా అని రాసి ఇవ్వమంటాను. ఒక్క ముక్కలో జవాబు రాసినవాళ్లను కారణం కూడా రాయమని కాగితం తిరిగి ఇచ్చేస్తాను.